కూర మరక: ముందు నూనె, తర్వాత పసుపు – నూలు బట్టకు ఏది, టిఫిన్ బాక్సుకు ఏది?

గుత్తివంకాయ కూర ఒలికిన చొక్కా మీద కనిపించేది ఒక మరకే అయినా, లెక్కకు రెండు. ఒకటి నూనె, రెండోది ఆ నూనెలో కరిగి ఉన్న పసుపు, కారాల రంగు. నూనెను వదలగొట్టేది రంగును వదలగొట్టదు, రంగును చంపేది నూనెను ముట్టుకోదు. అన్నీ ప్రయత్నించినా మరక పోలేదని చెప్పేవాళ్లలో చాలామంది చేసింది ఒకటే: నూనె ఉండగానే రంగు మీదకు వెళ్లారు. నూనె పొర కింద దాక్కున్న పసుపుకు బ్లీచ్ నీళ్లు సరిగా అందవు. కాబట్టి ఏ మందు మంచిది అని అడిగే ముందు, ఇప్పుడు బట్ట మీద మిగిలింది నూనెనా రంగా అని చూసుకోవాలి.

చూడటం తేలిక. బట్ట ఆరాక మరక మీద ఒక్క నీటి చుక్క వేయండి. చుక్క ముత్యంలా నిలబడితే నూనె ఇంకా ఉంది. పక్కనున్న శుభ్రమైన బట్టలాగే వెంటనే పీల్చుకుంటే నూనె పోయింది, మిగిలింది రంగే. ఇంకో పద్ధతి, ఆరిన బట్టను కిటికీకి ఎత్తి పట్టుకోవడం. నూనె ఉన్నచోట బజ్జీలు చుట్టిన కాగితంలా వెలుతురు తేలిగ్గా దాటుతుంది.

నూనెకు ఏది?

ఒలికిన పది నిమిషాల్లో అయితే మొదటి పని చెంచా అంచుతో గుజ్జును పైకి గీకి తీయడం. చేతిరుమాలుతో రుద్దితే రూపాయంత మరక అరచేయంత అవుతుంది. తర్వాత పొడి శనగపిండి గానీ ముఖానికి రాసుకునే పౌడరు గానీ మందంగా చల్లి, ఇరవై నిమిషాలు వదిలి దులపాలి. ఇది బట్ట పైనున్న నూనెను పీల్చుతుంది, దారం లోపలికి దిగినదాన్ని కాదు. పెళ్లి భోజనాల దగ్గర చేయగలిగిన ప్రథమ చికిత్స ఇది, అంతకుమించి ఆశించకూడదు. పిండి తడిస్తే ముద్ద కట్టి అదో కొత్త మరకవుతుంది, కాబట్టి నీళ్లు తగలకముందే చల్లాలి.

అసలు పని చేసేది గిన్నెలు తోమే లిక్విడ్. బట్టల సబ్బు బిళ్ల కంటే దీన్ని ముందు పెట్టడానికి కారణముంది. మన బోరు నీళ్లలో ఉప్పుశాతం ఎక్కువ. ఆ నీళ్లలో మామూలు సబ్బు సగం సున్నపు తెట్టుగా మారిపోయి, నూనెను పట్టుకునే శక్తి కోల్పోతుంది. గిన్నెల లిక్విడ్‌కు ఆ ఇబ్బంది తక్కువ. పైగా అది తయారయ్యిందే వంటనూనెను నీళ్లలో కలపడానికి. వాడే పద్ధతిలో మాత్రం ఎక్కువమంది తప్పు చేస్తారు: ముందు బట్ట తడిపి, తర్వాత లిక్విడ్ వేస్తారు. నూలు దారం నీళ్లు తాగేశాక లిక్విడ్ పలచబడి పైనే తేలుతుంది. పొడి బట్ట మీదే, మరకను బట్టి అర టీస్పూను నుంచి ఒక టీస్పూను లిక్విడ్ వేసి, వేలితో బయటి అంచు నుంచి మధ్యకు అద్దుతూ పట్టించాలి. పదిహేను నిమిషాలు ఆగి, చేతికి వేడిగా తగిలే నీళ్లతో, అంటే 40 నుంచి 50 డిగ్రీలు, మరక వెనకవైపు నుంచి ధారగా పోయాలి. ముందువైపు నుంచి పోస్తే నూనె దారాల్లోకి ఇంకా దిగుతుంది.

ఆ వేడి నీళ్లకు ఒక మినహాయింపు. గుడ్డు పులుసో, పాలు పోసి వండిన కూరో అయితే ముందు చల్లని నీళ్లే. వేడి తగిలితే గుడ్డు, పాల మాంసకృత్తులు దారాన్ని పట్టుకుని ఉడికిపోతాయి.

కుంకుడుకాయ సంగతి. చాలామంది పాత పద్ధతి అని పక్కన పెట్టేస్తారు గానీ, ఒక్కచోట దానిదే పైచేయి. సబ్బులో క్షారం ఉంటుంది, కుంకుడు రసంలో ఉండదు. అందుకే సబ్బు తగిలితే రంగు దిగే చేనేత బట్టలకు, పసుపు ఎర్రబడకూడదనుకునే చోట, కుంకుడు రసం మెత్తగా పని చేస్తుంది. ఎనిమిది పది కాయలు గింజ తీసి, అర లీటరు వేడి నీళ్లలో రెండు గంటలు నానబెట్టి పిసికి వడగడితే ఒక చీర కొంగుకు సరిపోతుంది. అయితే రసానికే లేత గోధుమ రంగు ఉంటుంది. తెల్లబట్ట మీద వాడితే వెంటనే బాగా జాడించాలి. ముద్దపప్పులో నెయ్యి ఓడుతున్న మరకకు దీని బలం చాలదు.

ఎంజైమ్ ఉన్న బట్టల పౌడరు మంచి తోడు. అందులోని ఒక ఎంజైమ్ నూనెను, ఇంకొకటి పిండి పదార్థాన్ని ముక్కలు చేస్తుంది. పప్పు, ఆలుగడ్డ, జీడిపప్పు పేస్టు వేసిన కూరల్లో రంగును దారానికి అంటించే జిగురు ఆ పిండి పదార్థమే. దీనికి కావలసింది సమయం. గోరువెచ్చని నీళ్లలో గంట నుంచి రాత్రంతా నానాలి. మరిగే నీళ్లు పోస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. మెషీన్లో అరగంట తిప్పి తీసేస్తే దాని కోసం పెట్టిన డబ్బు సగం వృథా.

పెట్రోలు, కిరోసిన్ నూనెను కరిగిస్తాయన్నది నిజమే. పొయ్యి ఉన్న ఇంట్లో, గాలి ఆడని బాత్రూంలో వాటి జోలికి పోవద్దు. వాటితో తుడిచిన బట్టను వాషింగ్ మెషీన్లో వేయడం మరీ ప్రమాదం.

నూనె పూర్తిగా పోకముందు చేయకూడనిది ఒకటే, ఇస్త్రీ. విదేశాల్లో ఉండేవాళ్లకైతే డ్రయ్యర్ కూడా. పొద్దుతిరుగుడు, వేరుశనగ లాంటి నూనెలు గాలి తగిలి, వేడి తగిలి మెల్లగా గట్టిపడి జిగురవుతాయి. పాత మూకుడు అడుగున అట్ట కట్టినట్టు ఉండే ఆ గోధుమ పొర అదే. బట్టలోనూ అదే జరుగుతుంది. ఒక్క ఇస్త్రీతో నిన్నటి మరక ఆర్నెల్ల మరకలా మొండికేస్తుంది.

రంగుకు ఏది?

ఇక్కడ చాలామందిని భయపెట్టే ఘట్టం ఒకటుంది. పసుపు మరక మీద సబ్బు రుద్దగానే అది ఎర్రగా, రక్తపు మరకలా మారుతుంది. పెళ్లికూతురి కాళ్లకు పారాణి కలిపిన వాళ్లకు ఇది కొత్త కాదు: పసుపులో సున్నం పడితే ఎరుపు. పసుపులోని కర్క్యుమిన్ అనే రంగు పదార్థం క్షారం తగిలినప్పుడు ఎరుపెక్కుతుంది, పులుపు తగిలితే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. ఎర్రబడటం మరక ముదరడం కాదు. నిజానికి కర్క్యుమిన్ క్షారంలో నిలవలేదు, మెల్లగా విరిగిపోతుంది. ఎరుపు కనిపించిందంటే పని మొదలైందనే.

దీన్ని బట్టే నిమ్మకాయ సంగతీ తేలుతుంది. ఎర్రబడ్డ మరక మీద నిమ్మరసం పిండితే ఎరుపు క్షణంలో మాయమవుతుంది, చూసేవాళ్లకు అద్భుతంలా ఉంటుంది. పోయింది ఎరుపే, పసుపు కాదు. పైగా పులుపులో కర్క్యుమిన్ ఇంకా స్థిరంగా ఉంటుంది. నిమ్మకాయ రుద్ది ఎండలో పెడితే పోయిందని చెప్పేవాళ్ల మాట అబద్ధం కాదు, కాకపోతే ఆ పుణ్యం ఎండది. వంట సోడా, వెనిగర్ కలిపి పొంగించే చిట్కా అంతకన్నా వృథా. క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి చంపుకుని, గ్యాసు పోయాక గిన్నెలో మిగిలేది ఇంచుమించు ఉప్పు నీళ్లు.

రంగును నిజంగా విరగ్గొట్టేవి మూడు: ఎండ, ఆక్సిజన్ బ్లీచ్, క్లోరిన్ బ్లీచ్. బట్టను బట్టి వీటిలో ఒకటి ఎంచుకోవాలి.

ఎండకు ఖర్చు లేదు, మరే మందుకూ లేనంత మెతకదనం ఉంది. పసుపు రంగు వెలుతురును తాగుతుంది, తాగి విరిగిపోతుంది. నూనె తీసేసిన బట్టను తడిగా ఉండగానే, మరక సూర్యుడికి ఎదురుగా ఉండేలా పరిచి, పదకొండు నుంచి మూడు దాకా వదిలేయాలి. మధ్యలో ఆరితే నీళ్లు చిలకరించాలి. లేత పసుపు మరకైతే ఒక పూట, ముదురుదైతే రెండు మూడు రోజులు. కర్క్యుమిన్ ఎక్కువగా తాగేది కంటికి కనిపించే నీలం వెలుతురే, దాన్ని అద్దం ఆపదు. అందుకే చలిదేశాల్లో ఉండేవాళ్లు కిటికీ గట్టు మీద పెట్టినా పనవుతుంది, కాకపోతే రోజులు పడుతుంది. ఎండకున్న లోపం, అది పసుపునే కాదు, బట్ట రంగునూ తింటుంది. రంగు బట్టను లోపలివైపు బయటికి తిప్పి, మరక భాగం మాత్రమే వెలుతురులో ఉంచి, మిగతాదాని మీద ఇంకో గుడ్డ కప్పాలి.

ఆక్సిజన్ బ్లీచ్ అంటే సోడియం పెర్‌కార్బొనేట్. మరకలు తీసే పౌడర్ల ప్యాకెట్ వెనక ఈ పేరు ఉందా లేదా చూడండి. నీళ్లలో పడగానే ఇది హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, చాకలి సోడాగా విడిపోతుంది. అంటే పసుపును విరగ్గొట్టే రెండు గుణాలూ ఒకే పొడిలో ఉన్నాయి. రెండు లీటర్ల నీళ్లకు ఒక టేబుల్ స్పూను పొడి. ఉత్త పెర్‌కార్బొనేట్ కాకుండా డిటర్జెంట్ కలిసిన పౌడరైతే ప్యాకెట్ మీద రాసిన కొలత. నీళ్లు 40 నుంచి 50 డిగ్రీలుండాలి. చల్లనీళ్లలో ఇది నిద్రపోతుంది, పౌడరు పనికిరాదని తిట్టుకునేవాళ్ల దగ్గర లోపం సాధారణంగా ఇదే. రెండు నుంచి నాలుగు గంటలు నానబెట్టాలి. మరక ముందు ఎర్రబడి, తర్వాత నారింజ, చివరికి లేత పసుపుకు దిగుతుంది. ఆరు గంటలు దాటాక ఆ నీళ్లలో బలం ఉండదు. మరక మిగిలి ఉంటే కొత్తగా కలుపుకోవాలి, పాత నీళ్లలో రాత్రంతా వదిలితే లాభం లేదు. పక్కా రంగు నూలు బట్టలకు ఇది సరిపోతుంది. పట్టుకు, ఉన్నికి పనికిరాదు. జరీ అంచున్న మంగళగిరి, గద్వాల చీరలైతే జరీ నీళ్లలో పడకుండా, మరకున్న చోటు మాత్రమే గిన్నెలో ముంచాలి.

మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా ఈ కోవలోదే. మన దగ్గర ఎక్కువగా 6 శాతం సీసా ఇస్తారు. దానికి అంతే నీళ్లు కలిపి 3 శాతం చేసి వాడాలి. రూపాయంత చిన్న మరక ఒక్కటే ఉన్నప్పుడు బకెట్ నీళ్లు కాచేకంటే ఇది నయం. దూదితో అద్ది, అరగంటకోసారి మళ్లీ అద్దుతూ ఉండాలి.

క్లోరిన్ బ్లీచ్, అంటే సోడియం హైపోక్లోరైట్, అన్నిటికంటే వేగం, అన్నిటికంటే మొరటు. ఉత్త తెల్ల నూలు పంచె, బనియను, తెల్ల దుప్పటి, వీటికి మాత్రమే. లీటరు చల్లనీళ్లలో ఒక టేబుల్ స్పూను, ఐదు నుంచి పది నిమిషాలు, కళ్లెదుటే. పసుపు పోయిన మరుక్షణం తీసి మూడుసార్లు జాడించాలి. ఇంకొంచెం తెల్లబడుతుందని వదిలేస్తే నూలు దారం బలహీనపడి, నెల తర్వాత అదే చోట చిరుగుతుంది. బోరు నీళ్లలో ఇనుము ఉంటే మరో తలనొప్పి. బ్లీచ్ ఆ ఇనుమును తుప్పుగా మార్చి బట్టంతా లేత గోధుమ రంగు పట్టిస్తుంది. బకెట్‌లో నిలిచిన నీళ్లకు అడుగున ఎర్రమట్టిలా దిగుతుంటే, బ్లీచ్ కోసం ఫిల్టర్ నీళ్లు తీసుకోండి. సాగే దారం కలిసిన బట్టలు, పట్టు, ఉన్ని దీనికి పసుపెక్కుతాయి.

ఒక్క మాట గట్టిగా: క్లోరిన్ బ్లీచ్‌లో నిమ్మకాయ, వెనిగర్, బాత్రూం కడిగే యాసిడ్ ఏవీ పడకూడదు. విషవాయువు వస్తుంది. పసుపు మరక మీద పొద్దున నిమ్మకాయ రుద్ది, మధ్యాహ్నం బ్లీచ్ వేసే ఇళ్లలో ఇది తెలియక జరిగే తప్పు. మధ్యలో బట్టను నీళ్లతో బాగా జాడించి తీరాలి.

కలంకారీ, అందులోనూ కరక్కాయ, పటిక, మొక్కల రంగులతో చేసిన అసలైన శ్రీకాళహస్తి, పెడన బట్టకైతే పైవాటిలో ఏదీ వద్దు. కుంకుడు రసంతో నూనె వరకు తీసి ఆపేయాలి. మిగిలిన లేత పసుపు ఆ బట్ట నేల రంగులో కలిసిపోతుంది. దాన్ని వెంటాడితే బొమ్మే పోతుంది. ఏ రంగు బట్టకైనా ముందు లోపలి కుట్టు దగ్గర మందు ఒక చుక్క వేసి పది నిమిషాలు ఆగి, తెల్ల గుడ్డతో అద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే ఆ మందు ఆ బట్టకు కాదు.

ఒక యూనిఫాం చొక్కా

బడి నుంచి వచ్చిన పిల్లాడి తెల్ల చొక్కా. సోమవారం మధ్యాహ్నం బాక్సు మూత ఊడి గుత్తివంకాయ పులుసు జేబు కింద ఒలికింది. విప్పింది సాయంత్రం ఐదింటికి. మరక అరచేయంత, మధ్యలో ముదురు నారింజ, చుట్టూ వెలుతురు దాటే నూనె వలయం. జేబు మీద నీలం దారంతో బడి గుర్తు కుట్టి ఉంది. కాలర్ లోపల లేబుల్ మీద నూలు, పాలిస్టర్ కలిసిన బట్ట అని ఉంది.

తెల్ల చొక్కా కదా అని క్లోరిన్ బ్లీచ్ తీస్తే ఆ నీలం గుర్తు తెల్లబోతుంది. అందుకే ఆ దారి మూసుకున్నట్టే. ఇంకో చిక్కు పాలిస్టర్. అది నూనెను నూలు కంటే గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి నూనె తీసే మెట్టు రెండుసార్లు చేయాల్సి వస్తుందని ముందే అనుకోవాలి.

వంకాయ తొక్క, నువ్వుల ముద్ద చెంచాతో గీకేశాక, పొడి బట్ట మీదే ఒక టీస్పూను గిన్నెల లిక్విడ్. పాత మెత్తని టూత్ బ్రష్‌తో దారం వాలు వెంబడి ఒక నిమిషం, పదిహేను నిమిషాలు విరామం, వెనకనుంచి వేడినీళ్లు. నారింజ రంగులో సగం ఇక్కడే దిగిపోతుంది, ఎందుకంటే కారం రంగు నూనెతోనే వెళ్లిపోతుంది. అంచు దగ్గర ఇంకా జిడ్డు తగిలితే అర టీస్పూనుతో రెండోసారి. మొదటిసారి తడిసిన బట్టను గట్టిగా పిండి, తువ్వాలులో ఒత్తి, తేమ తగ్గాకే లిక్విడ్ వేయాలి. ఇప్పుడు ఒక మూల ఆరనిచ్చి నీటి చుక్క వేసి చూస్తే పీల్చుకుంటోంది. మిగిలింది పసుపు ఒక్కటే.

ఏడింటికి, రెండు లీటర్ల వేడినీళ్లలో ఒక టేబుల్ స్పూను పెర్‌కార్బొనేట్ కలిపి, చొక్కా ముంచి, తేలకుండా పైన ఒక పళ్లెం బోర్లించారు. ఐదు నిమిషాలకు మరక ఇటుక ఎరుపు. ఎనిమిదిన్నరకు లేత గులాబీ. పదింటికి దగ్గరగా చూస్తేనే తెలిసే పసుపు నీడ. జాడించి, దండెం మీద మరక బయటికి వచ్చేలా వేశారు. మంగళవారం మధ్యాహ్నం దాకా ఎండ తగిలితే ఆ నీడా పోతుంది, ఆ తర్వాతే ఇస్త్రీ. మంగళవారం పొద్దున్నే ఆ చొక్కా కావాలంటే మాత్రం, ఆ నీడతోనే ఇస్త్రీ లేకుండా వేసి పంపడం మేలు. వారాంతంలో ఎండ చూసుకుంటుంది. ఇస్త్రీ చేస్తే, ఎక్కడైనా కాస్త జిడ్డు మిగిలి ఉంటే అది అక్కడే ముద్ర పడుతుంది.

గంజి పెట్టిన పంచెకు మాత్రం ఈ ప్రయాసలో సగం తప్పుతుంది. నూనె, పసుపు ముందు గంజి పొరను పట్టుకుంటాయి, ఉతికినప్పుడు గంజితో పాటే చాలావరకు దిగిపోతాయి.

ప్లాస్టిక్ బాక్సు వేరే కథ

బట్టలో మరక దారాల మధ్య ఉంటుంది, బాక్సులో ప్లాస్టిక్ లోపలే ఉంటుంది. మన టిఫిన్ బాక్సుల్లో ఎక్కువభాగం పాలీప్రొపిలీన్. అడుగున ముక్కోణంలో 5 అంకె ఉంటుంది. ఇది పెట్రోలియం నుంచి వచ్చినది, స్వభావంలో నూనెకు చుట్టం, నీటికి దూరం. వేడి కూర పోసినప్పుడు ప్లాస్టిక్ కాస్త వదులై, నూనె దానిలోకి దిగుతుంది, నూనె భుజమ్మీద ఎక్కి పసుపూ దిగుతుంది. చల్లారాక తలుపు మూసుకున్నట్టే. ఇక పైన ఎంత తోమినా తోమేది ప్లాస్టిక్‌నే.

అందుకే ముందు బాక్సు ఏ దశలో ఉందో చూడాలి. లోపల వేలు రాసినప్పుడు జారుతూ, నీళ్లు చుక్కలు చుక్కలుగా విడిపోతుంటే అది ఉత్త నూనె పొర. వేలు కీచుమంటూ శుభ్రంగా ఉండి రంగు మాత్రం మిగిలితే, ఒక పేపర్ నాప్కిన్ మీద రెండు చుక్కల వంటనూనె వేసి రుద్ది చూడండి. నాప్కిన్ పసుపెక్కితే రంగు ఇంకా పైపైనే ఉంది. ఎక్కకపోతే లోపలికి దిగింది. కూర మట్టం ఉండే గీత దగ్గర గోరు పెడితే గరుకుగా, తెల్లటి గుంటలు తగిలితే అది మరక కాదు, కాలిన గాయం. మైక్రోవేవ్‌లో నూనె నీళ్ల కంటే చాలా ఎక్కువ వేడెక్కి ప్లాస్టిక్ పైపొరను కరిగించింది. ఆ గుంటల్లో చేరిన నారింజ రంగు ఏ మందుకూ రాదు. ఆ బాక్సును పప్పుల డబ్బాగా మార్చుకోవడమే.

నూనె పొరకు మందు మళ్లీ గిన్నెల లిక్విడే, పొడి బాక్సులోనే. ముందు పాత కాగితంతో తుడిచేసి, నీళ్లు పోయకుండా ఒక టీస్పూను లిక్విడ్ వేసి, మెత్తని స్పాంజితో మూలలన్నీ పట్టించి, ఐదు నిమిషాలకు వేడినీళ్లు. లేదంటే లిక్విడ్, అర కప్పు గోరువెచ్చని నీళ్లు, చించిన పేపర్ నాప్కిన్ ముక్కలు వేసి మూత పెట్టి ఒక నిమిషం కుదిపినా సరే. నూనె నీళ్లలోంచి కాగితాన్ని పట్టుకుని బాక్సును వదిలేస్తుంది. నీళ్లు మరీ వేడిగా ఉంటే ఆవిరికి మూత ఎగిరి మీద పడుతుంది, గోరువెచ్చగా చాలు. ఇక్కడ స్టీలు పీచు మాత్రం శత్రువు. అది పెట్టే ప్రతి గీతా రేపటి సాంబారుకు కాలువ.

రంగుకు ఎండ, పెర్‌కార్బొనేట్, క్లోరిన్ బ్లీచ్, స్పిరిట్, నాలుగు దారులున్నాయి. పైపైన ఉన్న రంగుకు స్పిరిట్ వేగం. కర్క్యుమిన్ నీళ్లలో కరగదు గానీ ఆల్కహాల్‌లో కరుగుతుంది. హ్యాండ్ శానిటైజర్ దూదిమీద వేసి తుడిస్తే దూది పసుపెక్కడం కళ్లెదుట కనిపిస్తుంది. తర్వాత సబ్బుతో కడగాలి, పొయ్యి దగ్గర ఈ పని వద్దు. గాజులా తళతళలాడే గట్టి పారదర్శక బాక్సులకు స్పిరిట్ వాడొద్దు. ఆ రకం ప్లాస్టిక్‌లలో కొన్ని సన్నగా నెర్రెలిస్తాయి.

లోపలికి దిగిన రంగుకు ఎండదే గెలుపు, ఎందుకంటే మందు నీళ్లు ప్లాస్టిక్‌లోకి దిగవు, వెలుతురు దిగుతుంది. నూనె పూర్తిగా తీసి, తడి బాక్సును మేడ మీద వెల్లకిలా పెట్టి రెండు మధ్యాహ్నాలు వదిలితే, నెలల తరబడి తోమినా రాని పసుపు సగానికి పైగా దిగుతుంది. మూతనూ పక్కనే పెట్టండి. అలాగని రోజూ ఎండబెట్టొద్దు. అదే ఎండకు పాలీప్రొపిలీన్ పెళుసెక్కుతుంది, ముందుగా విరిగేది మూత చెవి.

ఎండ లేని రోజుల్లో పెర్‌కార్బొనేట్. ఒక లీటరు వేడినీళ్లకు రెండు టీస్పూన్లు, బాక్సు నిండా పోసి మూడు గంటలు. మూత పెట్టకూడదు, నీళ్లలోంచి ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది, బిగించిన మూత పేలినట్టు ఊడుతుంది. క్లోరిన్ బ్లీచైతే లీటరు చల్లనీళ్లకు ఒక టేబుల్ స్పూను, అరగంట, తర్వాత సబ్బుతో కడిగి, వాసన పోయేదాకా జాడించడం. రంగుకంటే వాసనా, బూజూ పట్టిన బాక్సుకు దీన్ని దాచుకోండి. రెంటిలో పసుపుకు ముందు పెర్‌కార్బొనేటే ప్రయత్నించండి.

మూతలోని రింగు చాలా ఇళ్లలో కొన్నప్పటి నుంచి ఊడదీయనిది. పాత సాంబారు వాసన వచ్చేది బాక్సులోంచి కాదు, ఆ రింగు కింద నుంచి. చెంచా కాడతో ఒక మూల లేపి తీస్తే, గాడిలో గోధుమ రంగు జిగురు కనిపిస్తుంది. కత్తితో లేపితే రింగు చిట్లి, ఇక ఎప్పటికీ కారుతుంది. సిలికాన్ రింగు నూనెను ప్లాస్టిక్ కంటే ఎక్కువ తాగుతుంది, కాబట్టి వారానికోసారి తీసి లిక్విడ్‌తో కడిగి, పెర్‌కార్బొనేట్ నీళ్లలో గంట ఉంచి, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. తడి రింగును గాడిలో నొక్కితే వారంలో నల్ల బూజు చుక్కలు.

కొత్త బాక్సు కొనబోతుంటే ఇంత చదివాక చెప్పాల్సింది తక్కువే. కూరకు, పులుసుకు స్టీలు, పెరుగన్నానికి, పండ్ల ముక్కలకు ప్లాస్టిక్. ఆఫీసులో మైక్రోవేవ్‌లో వేడి చేసుకునేవాళ్లకు స్టీలు పనికిరాదు, వాళ్లకు గాజు బాక్సు, బరువు మోయగలిగితే. ప్లాస్టికే తప్పదంటే కూర చేయి పెట్టగలిగేంత చల్లారాక సర్దండి, వేడి చేసేటప్పుడు ఆఫీసు పళ్లెంలోకి మార్చుకోండి, తిన్న వెంటనే కాగితంతో తుడిచి ఒక చెంబు నీళ్లు తిప్పి మూయండి. సాయంత్రం దాకా జిడ్డుతో మూసిపెట్టిన ఆ ఐదారు గంటల్లోనే పసుపు ఎక్కువగా లోపలికి దిగేది.